బోర్డు లేని గది

ఆ ఆసుపత్రికి బోర్డులూ రంగులూ కుదిర్చింది ఆయనే. గోడలకి లేతాకుపచ్చ, దూరానికి కూడా కనబడే ముదురునీలం అక్షరాలు, ఎరుపు ఒక్క అత్యవసర విభాగానికే.

"మనిషి ముందే హడలిపోయి వస్తాడండీ, మనం ఇంకా బెదరగొట్టాలా?" అని పెద్ద డాక్టరుతో పోట్లాడి మరీ నెగ్గాడు. చెడ్డ కబురు చెప్పే గదికి మాత్రం అసలు బోర్డే వద్దన్నాడు. "పేరు చదివితేనే గుండె జారిపోతుంది. అవసరమైనవాళ్లని నర్సే తీసుకొస్తుంది."

ఇవాళ భార్యకి ఆపరేషన్. కూతురి చెయ్యి పట్టుకుని ఆ లేతాకుపచ్చ గోడకేసి ఎంతసేపు చూసినా ఆయన దడ తగ్గలేదు.

నర్సు వచ్చి, "బాబాయ్ గారూ, ఇలా రండి" అంది మెత్తగా.

వరండాలో ఒక్కో బోర్డూ దాటుకుంటూ వెళ్లి, చివరి తలుపు తీసింది.

"ఈ గదికి బోర్డు లేదేంటి నాన్నా?" అంది కూతురు.