రోజుకు నలభై నిమిషాల మేనమామ

ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని కాబట్టి ఆ వీధుల్లో ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు, లిఫ్టాయన అంటే చాలు. మాట తక్కువ మనిషి. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు గొంతు సవరించుకునేవాడు, ఆ సవరింపుతోనే సగం జవాబు అయిపోయేది. అలాంటివాడు నలభై ఏడో ఏట ఫ్రెంచి మాట్లాడటం నేర్చుకుంటానని కూర్చుంటే, ఇంట్లో వాళ్ళు కూడా మొదట నవ్వుకున్నారు. తర్వాత నవ్వడం మానేశారు. ఎందుకు నేర్చుకుంటున్నాడో అందరికీ తెలుసు.

ఆయనకు ఒక్కతే చెల్లెలు. ఉద్యోగానికని దూరదేశం వెళ్ళి, అక్కడే పెళ్ళి చేసుకుని, అక్కడే జబ్బుపడి పోయింది. ఆమె కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల చెవిలో నాలుగు తెలుగు ముక్కలు పడేవి. తల్లితోపాటే అవీ పోయాయి. మిగిలింది ఫ్రెంచి. బావగారు మంచివాడే, నెలకొకసారి తప్పకుండా ఫోను చేయించేవాడు. కానీ ఇద్దరి మధ్యా ఉన్నది వచ్చీరాని ఇంగ్లీషు. ఈయన చెల్లెలి గురించి పది మాటలు చెబితే, ఆయన రెండు మాటలకు కుదించి పిల్లకు అందించేవాడు. పిల్ల ఊ అనేది. అంతే.

చెల్లెలికి ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఆమె ఎలా ఉండేదో బావగారికి తెలియదు. తెలిసిన అమ్మానాన్నలు పోయారు. ఆ ఇరవై ఎనిమిదేళ్ళూ ఇప్పుడు ఈయన తలలో తప్ప ఎక్కడా లేవు. అవి పిల్లకు చేరాలంటే దారి ఒక్కటే.

ఊళ్ళో ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు లేరు. సాయంత్రం తరగతులకు వెళ్దామంటే, ఎక్కడ ఏ లిఫ్టు ఆగిపోతుందో, ఎప్పుడు పిలుపు వస్తుందో చెప్పలేని ఉద్యోగం. అందుకని ఆయన తనకు తెలిసిన పద్ధతే పట్టుకున్నాడు. ప్రతి లిఫ్టుకూ గోడ మీద ఒక కార్డు వేలాడుతుంది, ఈ నెల ఏమేం చూశారో గళ్ళలో టిక్కు పెట్టి సంతకం చేయాలి. అలాంటి ఖాళీ కార్డు ఒకటి తెచ్చుకుని, నలభై నిమిషాలను మూడు గళ్ళు చేశాడు.

పొద్దున పది నిమిషాలు నీడ పని. అంటే, ఒక నిమిషం నిడివి ఉన్న సంభాషణను ఫోనులో పెట్టుకుని, వినిపించే గొంతు వెనకాలే అర అడుగు దూరంలో నీడలా తనూ అనుకుంటూ పోవడం. వారమంతా అదే నిమిషం. సోమవారం పాఠం చూస్తూ, మంగళవారం గొంతుతో కలిసి, గురువారం నుంచి పాఠం మూసేసి. తెలుగులో లేని ధ్వనుల కోసం అద్దం ముందు నిలబడేవాడు. ‘ఊ’ అనేటట్టు పెదవులు చుట్టి, నాలుకను మాత్రం ‘ఈ’ అనేటప్పుడు ఉండే చోటే ఉంచితే వాళ్ళ ‘యు’ పలుకుతుంది. ముక్కుతో పలికే అచ్చు సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే ముక్కు మూసి అని చూడాలి, శబ్దం మారితే వచ్చినట్టు, మారకపోతే నోటితోనే సరిపెట్టినట్టు. రోజూ పొద్దున్నే ముక్కు పట్టుకుని అద్దంలో చూసుకునే భర్తకు భార్య జలుబు మాత్ర తెచ్చి పెట్టడం ఒకటి రెండుసార్లు జరిగింది.

రెండో గడి పనిలో. పదిహేను నిమిషాలు. పైఅంతస్తు మీద మెషిన్ రూములో ఒక్కడే ఉన్నప్పుడు, చేతులు చేసేదంతా నోటితో చెప్పుకునేవాడు. స్విచ్చు కట్టేస్తున్నాను. బ్రేకు చూస్తున్నాను. తాడు అరిగింది. నిన్న అరగలేదు. రేపు మారుస్తాను. అలా జరిగింది, జరుగుతున్నది, జరగబోయేది మూడూ ఒకే తాడు మీద నడిచేవి. మాట దొరకనిచోట ఆగకుండా చుట్టుతిరిగి చెప్పి, ఆ మాటను తర్వాత వెతికి కార్డు వెనక రాసుకునేవాడు. ఒకరోజు వాకీటాకీ బొత్తాం వదలడం మరిచాడు. కింద ఉన్న జోడీ పనివాడు, ఈయనకంటే నాలుగేళ్ళు పెద్ద, అంతా విన్నాడు.

“తమ్ముడూ, లిఫ్టు పైకి రమ్మంటే రావట్లేదని బతిమాలుతున్నావా?” అన్నాడు. “నాకేం అభ్యంతరం లేదు. కానీ కింద వాచ్‌మన్ మంత్రాలనుకుని దణ్ణం పెట్టుకుంటున్నాడు.”

మూడో గడి సాయంత్రం. ఒక విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడి ఫోనులో రికార్డు చేయడం, విని మూడంటే మూడే తప్పులు దిద్దుకోవడం, మళ్ళీ మాట్లాడటం. మూడుకు మించి పట్టుకుంటే రెండోసారి నోరు లేవదని తొలి వారాల్లోనే తెలిసింది. ఆ విషయం ఎప్పుడూ చెల్లెలే. చెల్లెలు సైకిలు నేర్చుకోవడం, వీధి మలుపులో పడటం, మోకాలు కనిపించకుండా నెలరోజులు పొడుగు లంగా వేసుకోవడం. ఏడు నెలలకు ఆ రెండు నిమిషాలు నున్నటి రాయిలా తయారయ్యాయి. ఒక్కచోట తట్టుకోవడం లేదు. కార్డు నిండా టిక్కులు.

ఆ నెల ఫోను వచ్చినప్పుడు, పిల్లకు ఇవ్వమన్నాడు బావగారిని. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మూడో వాక్యం దగ్గర పిల్ల ఏదో అంది. అడిగిందని తెలిసింది, ఏమిటో అందలేదు. ఆగితే తర్వాతి వాక్యం ఎక్కడ పోతుందోనని ఆగలేదు. పిల్ల మళ్ళీ అదే అంది, ఇంకాస్త గట్టిగా. ఈయన వీధి మలుపు దాటి మోకాలి దాకా వెళ్ళిపోయాడు. కథ అయ్యేసరికి అవతల చప్పుడు లేదు. తర్వాత బావగారి గొంతు వచ్చింది. ఆయన మొహమాటపడుతూ చెప్పాడు, ఉచ్చారణ బాగుందని, పిల్లకు అంతా అర్థమైందని. పిల్ల ఏమందని ఈయన అడిగితే, కాసేపు నసిగి చెప్పాడు: సైకిలు ఏ రంగుదని అడిగిందట. మామయ్య నా మాట వినడం లేదు, రేడియోలాగా ఉన్నాడు అందట.

మర్నాడు కార్డులో టిక్కులు లేవు. ఆ మర్నాడూ లేవు. తర్వాతి నెల ఫోను వచ్చినప్పుడు, పిల్ల ఆడుకుంటోందని బావగారు అన్నాడు. ఆ పైనెల నిద్రపోతోందన్నాడు. వాళ్ళకు అప్పుడు మధ్యాహ్నం.

భార్య ఆసుపత్రిలో రిసెప్షన్లో కూర్చుని రోజంతా ఫోన్లు ఎత్తుతుంది. ఆమెకు ఫ్రెంచిలో ఒక్క ముక్క రాదు. వదిలేసిన కార్డును బల్ల మీద నుంచి తీసి, చివరిదాకా చదివి, పక్కన కూర్చుంది.

“ఇందులో మీరు మాట్లాడటానికి మూడు గళ్ళున్నాయి. వినడానికి ఏదీ?”

పొద్దున వింటూనే కదా అంటున్నానన్నాడు.

“అది మీకు తెలిసిన నిమిషం. నాకు ఫోను చేసేవాళ్ళు ఏం అడుగుతారో ముందే తెలిస్తే, నా బదులు ఒక టేపు పెట్టి నన్ను ఇంటికి పంపేస్తారు. సగం మాటలు నాకూ వినపడవండీ. మళ్ళీ చెప్పండి అంటాను. ఎవరూ ఏమీ అనుకోరు.”

ఆయన కార్డును తన వైపు తిప్పుకున్నాడు. లిఫ్టును ఖాళీగా పైకీ కిందికీ తిప్పి చూసి, బాగుందని సంతకం పెట్టేసి వచ్చే మనిషి కాదు. మరి ఇక్కడ చేసింది అదే. మనిషి ఎక్కకుండానే ఏడు నెలలు తిప్పాడు.

ఆ సాయంత్రం నుంచి మూడో గడి మారింది. పాఠ్యపుస్తకాల్లోంచి కొన్ని తీసి, తొమ్మిదేళ్ళ పిల్లలు అడిగేలాంటివి తనకు తోచినవి కలిపి, తొంభై ప్రశ్నలు ఫోనులో ఎక్కించాడు. పలికేది ఫోనులోని యంత్రపు గొంతు, ఆయనది కాదు. వరుసను ఫోనే కలిపేస్తుంది. ఆయన కథ చెబుతూ ఉండాలి, భార్య తనకు తోచినప్పుడు బొత్తాం నొక్కాలి. నొక్కగానే, వాక్యం మధ్యలో ఉన్నా సరే, ఆగాలి. అర్థమైతే జవాబు. అర్థం కాకపోతే మూడు మాటల్లో ఒకటి: మళ్ళీ చెప్పమ్మా, మెల్లగా చెప్పమ్మా, ఆ మాటకు అర్థమేంటి. ఈ మూడూ నీడ పనిలో కూడా చేరాయి, నిద్రలో లేపినా వచ్చేలా. భార్యకు ఈ ఆట బాగా పట్టింది. కూర తరుగుతూ మోచేత్తో నొక్కేది. కొన్నిసార్లు వేగం పెంచేది. ఒకసారి ఆయన ఏడుపు వచ్చే భాగం చెబుతుండగా నొక్కితే, నీకు గుర్రాలంటే ఇష్టమా అని అడిగింది ఫోను. ఆయన ఆగి, ఇష్టమే కానీ నాకు గుర్రం లేదు అన్నాడు. ఆ వారంలో అదే పెద్ద విజయం.

రికార్డు చేసినవి వింటే ఇప్పుడు అధ్వాన్నంగా ఉన్నాయి. తడబాట్లు, ఖాళీలు, వెనక్కు వెళ్ళడాలు. నున్నటి రాయి పోయింది. జోడీ పనివాడికి వినిపిస్తే, ఏమీ తెలియకపోయినా, “ఇప్పుడు మనిషితో మాట్లాడుతున్నట్టుంది” అన్నాడు.

మూడు నెలలకు బావగారు ఎలా ఒప్పించాడో, రెండు నిమిషాలని చెప్పి పిల్లను ఫోను దగ్గరికి తెచ్చాడు. ఈయన గొంతు సవరించుకోలేదు. కథా మొదలుపెట్టలేదు. ఆ సైకిలు ఎర్రది, అప్పుడు నీ మాట నాకు అందలేదు, అన్నాడు. పిల్ల గబగబా పెద్ద వాక్యం ఒకటి వదిలింది. మెల్లగా చెప్పమ్మా అన్నాడు. పిల్ల బడిలో టీచరులా ఒక్కో మాటా విడదీసి చెప్పింది: అమ్మకు నీ మీద ఎప్పుడైనా కోపం వచ్చేదా?

ఇది తొంభైలో లేదు. వచ్చేది, చాలాసార్లు, అన్నాడు. ఎందుకని అడిగింది. చెల్లెలు చదువుకునే పుస్తకాలు దాచేసేవాణ్ణని చెప్పాలి, దాచడం అనేదానికి ఫ్రెంచి మాట తెలియదు. మెషిన్ రూములోలాగా చుట్టుతిరిగి వెళ్ళాడు. మీ అమ్మ పుస్తకం తీసి, తనకు కనపడని చోట పెట్టేవాణ్ణి, అన్నాడు. పిల్ల ఆ మాట అందించింది. ఆయన అన్నాడు. అలా కాదంటూ మళ్ళీ అనిపించింది. రెండోసారికి ఒప్పుకుంది.

ఎక్కడ దాచేవాడివి అంది. బీరువా పైన. అమ్మకు అందేదా? అందదు, కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కేది. పడిందా? లేదు, ఎప్పుడూ పడలేదు, ఎక్కడమంటే దానికి భయం లేదు.

రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. పిల్ల గొంతు తగ్గించి ఏదో గుసగుసలాడింది. అందలేదు. మళ్ళీ చెప్పమ్మా అన్నాడు, తనూ గుసగుసగానే. పిల్ల ఫోనును నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నట్టుంది, ఊపిరి వినిపించింది. నేనూ మా బీరువా ఎక్కుతాను, అంది మెల్లగా, ఒక్కో మాటా విడదీసి. నాన్నకు చెప్పకు.

చెప్పను, అన్నాడు ఆయన.

తర్వాత ఫోను తీసుకున్న బావగారు, పిల్ల ఇంతసేపు ఏం చెప్పిందని ఇంగ్లీషులో అడిగాడు. ఈయన కాసేపు మాటలు వెతుక్కుని, అది మా ఇద్దరి మధ్య మాట అని జవాబిచ్చాడు.