పొంగని పిండి, నిండిన రికార్డు

మా స్కూల్లో ప్రయోగం చివర్నుంచి మొదలవుతుంది. ముందు ఫలితం రాస్తాం, తర్వాత పరిశీలన, ఆ తర్వాత వీలుంటే ప్రయోగం. ఢిల్లీకి వచ్చిన కొత్తలో దీనికి ముక్కున వేలేసుకున్నాను. రెండేళ్లు తిరిగేసరికి ఆ వేలుతోనే పేజీలు తిప్పి సంతకాలు పెడుతున్నాను.

ఆ ఏడాది నా ఉద్యోగం పర్మనెంట్ కావాలి. ప్రొబేషన్ ముగిసే లోపు పై ఆఫీసు ఇన్‌స్పెక్టర్ వచ్చి నా క్లాసు చూసి, బాగుందని రాయాలి. రాయకపోతే పెట్టే సర్దుకోవడమే. ఆయన జనవరిలో వస్తారని తెలియగానే మా ప్రిన్సిపాల్ మేడమ్ పదో తరగతికి ఈస్ట్ పాఠం ఎంచారు. "డో వాలా ఎక్స్‌పరిమెంట్ కీజియే, పిండి పొంగడం అందరికీ కనబడుతుంది" అన్నారు. ఇంకో షరతు కూడా పెట్టారు. ఆల్కహాల్ అనే మాట క్లాసులో వినబడకూడదు, పేరెంట్స్ గొడవ చేస్తారట. ఇథనాల్ అనొచ్చట. పేరు మారిస్తే మద్యం తీర్థం అయిపోతుందని ఆవిడ నమ్మకం.

డిసెంబరు ఆఖర్లో రికార్డు పుస్తకాలు పూర్తి చేయించాను. గైడు చూసి బోర్డు మీద రాశాను. "ఈస్ట్ కలిపిన పిండి నలభై నిమిషాలలో రెట్టింపు అయినది." నలభై మందీ వంచిన తల ఎత్తకుండా ఎక్కించుకున్నారు. ఒక్క పిల్ల మాత్రం పరిశీలన అన్నచోట ఖాళీ వదిలేసింది. వాళ్లమ్మది కాకినాడ వైపు, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు సగం హిందీలో వస్తుంది.

"ఇదేంటి, ఖాళీ?" అన్నాను.

"మేడమ్, అభీ తో కియా నహీ. చేశాక చూసి రాస్తాను."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ సంగతి దాచను. "సైన్సులో నీకంటే ముందు బోల్డంత మంది చూసేశారమ్మా, రాయి" అని పక్కనే నిలబడి రాయించాను. రెండు మార్కులు కూడా కోశాను, ఆలస్యానికి.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున కిటికీ బయట గ్రౌండ్ కనబడనంత పొగమంచు. ల్యాబ్‌లో రాతి బల్ల మీద చెయ్యి పెడితే జివ్వుమంది. ఢిల్లీ చలిలో ఇడ్లీ పిండి పులవదని ప్రతి తెలుగు ఆవిడకీ తెలుసు. నేనైతే డిసెంబరు నుంచి గిన్నెకి మా ఆయన పాత స్వెటర్ తొడిగి, రజాయి కప్పి, పసిపిల్లలా చూసుకుంటాను. ఆ గిన్నెలో పని ఎక్కువగా బ్యాక్టీరియాది, ఇక్కడ ఈస్ట్‌ది, కానీ చలి ఇద్దరికీ చలే. ఇంటి ఇడ్లీకి అంత తెలివి చూపించిన నేను స్కూలు పిండిని మాత్రం రాతి బల్ల మీద పెట్టాను. గైడులో స్వెటర్ గురించి రాసి లేదు మరి.

ఇన్‌స్పెక్టర్ గారు మఫ్లర్‌తో, మోకాళ్ల మీద హీటర్ తప్ప అన్నీ పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. నేను గోరువెచ్చని నీళ్లలో పంచదార, ఈస్ట్ కలిపి, మైదాలో పోసి ముద్ద చేసి ఒక కొలజాడీలో వేశాను. ఈస్ట్ లేని ముద్ద రెండో జాడీలో వేశాను. రెండింటి మీదా పిండి ఎత్తు దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీశాను. మరిగే నీళ్లు పోస్తే ఈస్ట్ చచ్చిపోతుందని చెప్పాను. చల్లగా ఉంటే చావదు, బద్ధకిస్తుందని చెప్పడం మర్చిపోయాను.

"ఈస్ట్ అంటే శిలీంధ్రం. ఒక్కటే కణం" అన్నాను. "బ్రెడ్ మీద పట్టే నల్ల బూజు కూడా అదేనా మేడమ్?" అని ఒకడడిగాడు. ఇద్దరూ శిలీంధ్రాలే, ఒకటి బ్రెడ్‌ని పాడు చేస్తే ఒకటి పొంగిస్తుంది అన్నాను. ఉన్న ఒక్క మైక్రోస్కోపు దగ్గర వరస కట్టించాను. సగం మంది తమ కనురెప్పలే చూసుకుని "దిఖ్ గయా" అన్నారు. ఆ నర్సమ్మ కూతురు మాత్రం లేవకుండా చూసింది. కణం పక్కన చిన్న బుడిపె ఉంది, దానికింకో బుడిపె ఉందంది. అదే మొగ్గ తొడగడం. తల్లి కణంలో కేంద్రకం రెండై ఒకటి ఆ బుడిపెలోకి పోతుంది, మొగ్గ ఎదిగి విడిపోతుంది, విడిపోకపోతే గొలుసులా వేలాడుతుంది అని చెప్పాను. ఇన్‌స్పెక్టర్ గారు టీ అడిగారు.

ఆక్సిజన్ లేని చోట ఈస్ట్ చక్కెరని పూర్తిగా విడగొట్టలేదు, కొంచెం శక్తి మాత్రమే తీసుకుని ఇథనాల్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ వాయువే పిండిలో చిక్కుకుని దాన్ని పొంగిస్తుంది అన్నాను. "అయితే నాన్ రొట్టెలో దారు, అంటే మందు, ఉంటుందా?" అని వెనక బెంచీ అడిగింది. కాల్చినప్పుడు దాదాపు అంతా ఆవిరైపోతుందన్నాను. ఇన్‌స్పెక్టర్ గారి పక్కన కూర్చున్న ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గారు.

నలభై నిమిషాలయ్యాయి. పిండి గీత దాటి గోరు వెడల్పు కూడా లేవలేదు. పక్క జాడీకీ దీనికీ తేడా చెప్పాలంటే సోదెమ్మని పిలవాలి. ఇన్‌స్పెక్టర్ గారు రికార్డు పుస్తకం పైనుంచి తలెత్తి, ముందు బెంచీలో ఉన్న ఆ పిల్లనే లేపారు. "యెస్ బేటా, రిజల్ట్ క్యా ఆయా?"

ఆ పిల్ల జాడీ వంక చూసింది. నా వంక చూసింది. నేను కళ్లతోనే బతిమాలాను. బతిమాలానని ఇప్పుడంటున్నాను, అప్పుడు ఉరిమి ఉంటాను. ఆ పిల్ల పుస్తకం తెరిచి నెమ్మదిగా చదివింది. "ఈస్ట్ కలిపిన పిండి నలభై నిమిషాలలో రెట్టింపు అయినది."

"వెరీ గుడ్" అని రాసుకున్నారు ఆయన. జాడీ ఆయనకి మూరెడు దూరంలో ఉంది. తల తిప్పలేదు.

మధ్యాహ్నం రెండింటికి మంచు విడిపోయి కిటికీలోంచి ఎండ బల్ల మీద పడింది. నేను ల్యాబ్ తాళం వేయడానికి వెళ్లేసరికి పిండి గీతకి రెట్టింపెత్తు దాటి జాడీ అంచుదాకా వచ్చింది. ఆ పిల్ల స్కేలు పట్టుకుని అక్కడే ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"మేడమ్, ఫూల్ గయా, పొంగింది! చలికి ఆలస్యమైంది, అంతే. ఇది రాయనా?"

"సంతకాలైపోయిన రికార్డు ఖరాబు చెయ్యకు" అన్నాను. స్కేలు సంచిలో పెట్టేసుకుంది.

నెల తిరక్కుండా పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. స్టాఫ్ రూంలో లడ్డూలు పంచాను. ఇన్‌స్పెక్టర్ గారి రిపోర్టులో పిల్లల్లో పరిశీలనా శక్తి మెండుగా ఉందని రాశారట, ప్రిన్సిపాల్ మేడమ్ చదివి వినిపించారు. నేను సిగ్గు లేకుండా థాంక్స్ చెప్పాను.

ఫిబ్రవరిలో తర్వాతి ప్రయోగానికి బీకర్లు సర్దుతుంటే ఆ పిల్ల రికార్డు పుస్తకం తెరుచుకుని నా బల్ల దగ్గరకొచ్చింది. పెన్ను మూత తీసే ఉంది.

"మేడమ్, రిజల్ట్ ముందే చెప్పేస్తారా? రాసేసుకుంటాను."

ఎగతాళి చేస్తోందేమోనని ముఖంలోకి చూశాను. చేసుంటే ఎంత బాగుండేదో. లేదు, నిజంగానే అడిగింది. బీకర్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.