గండికి ఒక వైద్యం, పూడికకు ఒక వైద్యం

2013 జూన్ 14, శుక్రవారం, ఉదయం ఏడూ ఇరవై. కోదాడలో మా ఇంటి వరండాలో మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ మూడో గుండీ దగ్గర ఆగిపోయారు. తల పగిలిపోతోందన్నారు. వాంతి చేసుకున్నారు. నేను పట్టుకునేసరికి కుడి చెయ్యి వాలిపోయింది, మూతి ఒక పక్కకు లాగింది.

ఆ మూతిని నేను అంతకుముందు ఏడాది చూసి ఉన్నాను. మిర్యాలగూడలో మా మరిదికి అచ్చం అలాగే, అదే కుడివైపు. అతన్ని నాలుగు గంటల లోపే హైదరాబాదులో పెద్ద దవాఖానకు చేర్చారు. మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డుపడిందని, దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. వారానికి తన కాళ్లమీద ఇంటికొచ్చాడు. ఇంజెక్షన్‌కు ముందు స్కాన్ తీయడం నేను దగ్గరుండి చూశాను. అందులో ఏమీ కనపడలేదన్నారు. ఏమీ కనపడకపోతే మందెందుకు అన్నది నాకు ఏడాదిగా అర్థం కాని సంగతి.

కారు కోసం చూస్తుండగా మరిదికి ఫోన్ చేశాను.

"వదినె, గాబరపడకు. నాకు రోజు ఏసుకోమన్న గోళీ ఉంది సూడు, రక్తం పల్చగయ్యేది. గది తెప్పించి అన్నకెయ్యి. జల్ది!"

"మింగలేడు. నీళ్లు పోస్తే పక్కనుంచి కారుతున్నయ్. నీకు గూడ ముందు స్కానే తీసిన్రు, తర్వాతనే మందు. ఈయనకూ అంతే."

"టైం ఖతమైతది వదినె!"

"అందుకే ఫోన్ పెడుతున్న."

సూర్యాపేట దవాఖానకు ఎనిమిదిన్నరకు చేరాం. బీపీ రెండువందల ఇరవై బై నూట ఇరవై ఉంది. తలనొప్పి లేదు కదా అని మార్చిలో బీపీ గోళీ మానేశారని చెప్పాను. స్కాన్ అయ్యేసరికి మరిది కూడా దిగాడు, గసపెడుతూ. డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పెట్టింది. మెదడు లోతట్టున, ఎడమవైపు, తెల్లటి మచ్చ.

"బీపీకి సన్న రక్తనాళం చిట్లింది. ఈ తెలుపు కారిన రక్తం," అంది.

"మరి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇయ్యరాదు మేడం? నాకిచ్చిన్రు. పైసలు నేను కడ్త."

"ఇస్తే మనిషి పోతాడు. కారే రక్తం ఆగాలంటే చిట్లిన చోట గడ్డ కట్టాలి. అది గడ్డను కరిగిస్తుంది."

మరిది వినలేదు. "నాకు బీపీ నూట డెబ్బై ఉంటే దించొద్దన్నరు. అన్నకు డ్రిప్పు పెట్టి దించుతున్నరు. ఒక్క తల్లి పిల్లలం, రెండు తీర్ల వైద్యమా? వదినె, కారెక్కించు. హైదరాబాద్ పోదాం."

తీసుకుపోవాలా వద్దా చెప్పవలసింది నేను. దానికి ముందు డాక్టరమ్మను ఒకటి అడిగాను. "పోయినేడు మా మరిది స్కాన్‌ల ఏమీ కనపడలేదన్నరు, మరి గడ్డ అని ఎట్ల తెలిసింది?"

"కారిన రక్తం వెంటనే తెల్లగా కనపడుతుందమ్మా. గడ్డ అడ్డుపడి చచ్చే భాగం మొదటి గంటల్లో చాలాసార్లు కనపడదు. పక్షవాతం ఉండి తెలుపు లేకపోతే గడ్డ అనుకుంటాం."

"స్కాన్ లేకుండ, మనిషిని చూసి చెప్పలేరా?" అన్నాను.

"తలనొప్పి, వాంతి ఉంటే అనుమానం వస్తుంది. అనుమానంతో మందు వేయకూడదు. స్కానే చెప్పాలి."

మరిదిది హాలియా దగ్గర కాలువ కింద పొలం. కాసేపు ఫిల్మునే చూశాడు. "అంటే నాది కాలువల తుక్కు అడ్డం పడ్డట్టు. ఎనక నీళ్ల జోరుంటెనే సందులకెల్లి పొలానికి ఇంత పారుతది."

"అవును. అందుకే మీ బీపీ దించలేదు."

"అన్నది కట్ట తెగి గండి పడ్డట్టు." మరిది గొంతు తగ్గింది. "గండి పడ్డంక నీళ్లు ఇడుస్తరా ఎవరన్న? తూము బందు జేస్తరు."

"మరి జల్ది గోళీ ఎయ్యమన్నవ్ పొద్దుగాల," అన్నాను.

"నీ దండం పెడ్త వదినె, గది యాది చెయ్యకు."

కారు ఎక్కించలేదు. బీపీని సాయంత్రానికి నూట యాభైకి దించారు. మర్నాడు రెండో స్కాన్‌లో మచ్చ పెరగలేదు. రెండు ఫిల్ములను పక్కపక్కన పెట్టి చూపించమని అడిగాను. చూపించింది. ఇరవై రెండో రోజు ఇంటికి తెచ్చుకున్నాం.

మరిది పోగొట్టుకున్నది కుడి చిటికెన వేలిలో స్పర్శ. మా ఆయన పోగొట్టుకున్నవి: కుడి చెయ్యి పూర్తిగా, కుడి కాలు సగం, సంతకం, మనుషుల పేర్లు. నా పేరుతో సహా.