కట్టని ఎర్ర గుడ్డ

మావయ్య నాకు మొదట నేర్పింది సోల్డరింగ్ కాదు, ఎర్ర గుడ్డ కట్టడం. ఆయన ఈ హిందీ ఊరి ఉక్కు ప్లాంటులో మోటార్లు బాగుచేస్తూ రిటైరైన మనిషి. కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే రక్షణ రిలే ఏదైనా ఊరికే పడిపోయి పని ఆగిపోతుంటే, దాన్ని తప్పించి ఒక వైరు కలిపి నడిపించేసేవారట. అయితే అక్కడ ఎర్ర గుడ్డ పేలిక కట్టకుండా ఎవరూ ఇంటికి పోకూడదు. ఇక్కడ కాపలా తీసేశాం, చూసుకో అని తర్వాతి షిఫ్టువాడికి చెప్పడం అది.

ఉబ్బసం వల్ల నా బడి ఏడో తరగతితోనే ఆగింది. అప్పటినుంచి నాకు బడి, కాలేజీ అన్నీ క్యాంప్ 2 బస్తీలోని మా ఇంట్లో దేవుడి గూటి పక్కన వేసిన చెక్కబల్లే. ఆ రోజుల్లో డ్యూటీ దిగాక, తాను ఉండే రిసాలి నుంచి స్కూటరు మీద వచ్చి, టీ తాగి, ఆయన పాఠం మొదలుపెట్టేవాడు. దీపం పెట్టాక గాని సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టను. ఆ అలవాటు మాత్రం నాది. రోజూ దేవుడికి చెప్పుకునే కృతజ్ఞతల్లో అమ్మ తర్వాత మావయ్యే. ఇంట్లో పడి ఉన్న పిల్ల చేతికి ఒక విద్య ఇచ్చాడు కదా.

ఆ విద్యతోనే మోకాలి యంత్రం చేశాను. ఆపరేషన్ అయినవాళ్ల కాలును మెల్లగా వంచి, మెల్లగా చాపేది. మా దగ్గరలో ఫిజియోథెరపీ క్లినిక్ నడిపే మేడమ్ ఒకటి చేసి చూపించమన్నారు. బాగుంటే మరికొన్ని చేయిస్తామన్నారు. బయటివాళ్లు నన్ను నమ్మి అడిగిన మొదటి పని అది.

యంత్రం గుండె ఇరవై నాలుగు వోల్టుల చిన్న బ్రష్ మోటారు. అది స్క్రూలా మరలున్న పొడవాటి కడ్డీని తిప్పితే, దాని మీద పాదం పెట్టే పీట ముందుకూ వెనక్కూ జరుగుతుంది. వేగం తగ్గించడానికి వోల్టేజీని తగ్గించం. సెకనుకు ఇరవై వేలసార్లు కరెంటు ఇచ్చి ఆపుతాం. ఇచ్చే భాగం ఎక్కువైతే వేగం, తక్కువైతే నెమ్మది. అన్నిసార్లు కొట్టుకుంటే మోటారు కూత కూడా మన చెవికి అందదు. దిశ మార్చడానికి స్విచ్చుల్లా పనిచేసే నాలుగు ట్రాన్సిస్టర్లు, ఎడమవైపు పైనా కిందా రెండు, కుడివైపు రెండు, వాటి మధ్యలో మోటారు. ఎడమ పైదీ కుడి కిందిదీ వేస్తే ఒకవైపు తిరుగుతుంది, రెండో జత వేస్తే ఇంకోవైపు. ఒకేవైపు పైదీ కిందిదీ కలిసి పడితే మాత్రం సప్లై నేరుగా షార్టే. అందుకే ఒకటి ఆగాక, రవ్వంత ఆగి, రెండోది వేయాలి.

వీటన్నిటికన్నా నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది ఒక చిన్న రెసిస్టర్ మీద. మోటారు కరెంటంతా దాని గుండా పోతుంది. కాలు బిగిస్తే మోటారు బరువుతో పెనుగులాడి ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ పెరుగుతుంది, హద్దు దాటగానే కంట్రోల్ బోర్డు మోటారును ఆపి, పీటను రెండు వేళ్ల మేర వెనక్కి తీస్తుంది. మనిషి నొప్పి యంత్రానికి తెలిసేది ఆ ఒక్క దారిలోనే. అది పెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టాను.

క్లినిక్‌లో మొదటి వారం బాగానే నడిచింది. తర్వాత వేగం పెంచితే, వంగిన కాలు చాపుకునే మలుపులో ఆగిపోతోందని ఫోను వచ్చింది. నాకు ఆయాసంగా ఉంది. మావయ్య చూసి వస్తానన్నాడు, వెళ్లాడు, వచ్చాడు. "వైరు లూజుగుంది, బిగించేసినాను" అన్నాడు. ఆయన మేలుకు ఆ సాయంత్రం కూడా దండం పెట్టుకున్నాను.

నాలుగు రోజులకు మేడమ్ పిలిస్తే మావయ్యా నేనూ వెళ్లాం. ప్లాంటు రిటైరీ ఒకాయన, సొంతూరి వైపు మా పక్క జిల్లా తెలుగువాడే, మోకాలు వాచిపోయి కూర్చున్నాడు. కాలు బిగిసినా పీట తోసుకుంటూ పోయిందట. చేతిలో ఉన్న ఆపే స్విచ్చి నొక్కాడు గనక సరిపోయింది. నన్ను చూసి నవ్వబోయి మూలిగాడు. "ఏటి తల్లీ, నీ మిషనుకి నా మీదేటి కోపం?"

నేను నోరు విప్పేలోపే మావయ్య మేడమ్‌తో హిందీలో మాట్లాడటం మొదలుపెట్టాడు. పిల్ల ఇంట్లో కూర్చుని నేర్చుకున్నది, కాలేజీ చదువు లేదు, ప్రోగ్రాంలో ఎక్కడో తప్పు చేసి ఉంటుంది, మన్నించండి అని. ఆయన నా వైపు చూడలేదు. ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన మనిషి నోటివెంట ఆ మాట విన్నాను. మేడమ్ కోప్పడలేదు, యంత్రం తీసుకుపొమ్మన్నారు. అంతే.

ఇంటికి తెచ్చి, దీపం పెట్టి, మూత విప్పాను. నా రెసిస్టర్ అక్కడే ఉంది. దాని రెండు కాళ్లనూ కలుపుతూ రాగి తీగ ముక్క ఒకటి. కరెంటంతా తీగలోంచే పోతుంటే రెసిస్టర్ మీద వోల్టేజీ ఎక్కడిది? మోటారు ఎంత లాగినా బోర్డుకు సున్నాయే. అతుకు బియ్యపు గింజలా నున్నగా ఉంది. ఆ అతుకు నాకు తెలుసు, మావయ్యే చెయ్యి పట్టుకుని నేర్పించాడు. ఎర్ర గుడ్డ లేదు, ఎర్ర దారం పోగు కూడా లేదు.

తీగ తీసేసి, పాత జబ్బు వెతికాను. తప్పు నాదీ ఉంది. వేగంగా తిరిగే మోటారును ఆగనివ్వకుండా ఒక్కసారిగా వెనక్కి తిప్పాను. తిరిగే మోటారు తనే వోల్టేజీ పుట్టిస్తుంది. దిశ మార్చగానే అది సప్లైకి తోడవుతుంది, కరెంటు ఉవ్వెత్తున లేస్తుంది. హద్దు తగిలి యంత్రం ఆగిందంటే కాపలా సరిగ్గా పనిచేసిందనే. వేగాన్ని మెల్లగా సున్నాకు దించి, కాసేపు ఆపి, మళ్లీ మెల్లగా రెండోవైపు పెంచేలా ప్రోగ్రాం మార్చాను. మలుపులో ఇక ఆగలేదు. పీటకు చెయ్యి అడ్డం పెడితే ఆగింది, వెనక్కి తగ్గింది.

మర్నాడు మావయ్య టీకి వచ్చినప్పుడు తీగ ముక్కను సాసరులో పెట్టి ముందుంచాను.

"ఆ రోజు మిషను ఆగిపోతే నీకే నామోషీ గదే" అన్నాడు. "తర్వాత తీసేద్దామనుకున్నాను."

"నాకు సెప్పాల గదా మావయ్యా."

"సెప్తే ఒప్పుకుంటావేటి నువ్వు?"

ఒప్పుకోను. అది ఆయనకు తెలుసు, అందుకే చెప్పలేదు. టీ చల్లారింది. క్లినిక్‌లో అన్న మాట గురించి నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు.

యంత్రం తీసుకుని ఒక్కదాన్నే మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఒక్కసారిగా వెనక్కి తిప్పడం నా తప్పు, కాపలా తప్పించిన తీగ నాది కాదు అన్నాను. ఎవరిదని అడిగారు. మా మావయ్యదని చెప్పాను. ఆయన మీద నా నోటివెంట వచ్చిన మొదటి ఫిర్యాదు అది. మేడమ్ మొదట తన కాలే పీట మీద పెట్టి, మోకాలు బిగించి చూశారు. యంత్రం ఆగింది. మరోసారి బిగించారు. మళ్లీ ఆగింది. ఉంచి వెళ్లమన్నారు. వాపు తగ్గాక ఆ పెద్దాయన కూడా కాలు పెట్టాడని విని, దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను.

మావయ్య ఇప్పటికీ వస్తాడు. కృతజ్ఞతల్లో ఆయన పేరు తీసెయ్యలేదు, తీసెయ్యడం నా వల్ల కాదు. టీ ఇస్తాను, బల్ల దగ్గర కుర్చీ వేస్తాను. స్కూటరు చప్పుడు సందు దాటాక, బల్ల మీదున్న ప్రతి బోర్డూ తిప్పి అతుకులు చూస్తాను.