గడ్డిలో వచ్చిన కాయకు ట్రేల బరువు

పాప పుట్టిన తర్వాత నాకు అన్నీ రెండుసార్లు చూసుకునే అలవాటు వచ్చింది. గ్యాస్ కట్టేశానా, తలుపు గడియ వేశానా, పాప ఊపిరి సరిగ్గా తీస్తోందా. పాలపొడి డబ్బా మీద తేదీ చదివి, మూత పెట్టాక మళ్లీ తీసి చదివేదాన్ని. ఇంట్లో అందరూ నవ్వేవారు. మావయ్యగారైతే, "అమ్మాయ్, సూర్యుడు సరిగ్గానే అస్తమించాడా? ఒకసారి వెళ్లి చూసి రా" అనేవారు. ఆ అలవాటు ఎందుకైనా పనికొస్తుందని ఆయన అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

మాకు రెడ్డిగూడెం వైపు మూడెకరాల మామిడి తోట ఉంది. బంగినపల్లి ఎక్కువ, కలెక్టర్ కొంచెం, గట్టు వెంట చిన్న రసాలు. చాలామంది పూత మీదే తోటను వ్యాపారులకు ఇచ్చేస్తారు. మావయ్యగారికి అది ఇష్టం ఉండదు. కాయ కోయించి, నూజివీడు మార్కెట్లో కమీషన్ కొట్టుకు తోలి, అక్కడ పాటలో అమ్మిస్తారు. పదిహేనేళ్లుగా ఒకటే కొట్టు. షావుకారు కొట్టు ముందు కాయ దించుకుని, కొనేవాళ్లను పిలిచి, పాట పెట్టి, ఎక్కువ ధర పాడినవాడికి ఇస్తాడు. తన కమీషన్, మిగతా ఖర్చులు తీసుకుని మిగిలింది మాకు ఇస్తాడు. దానికి ఒక బిల్లు. ఆ బిల్లును మావయ్యగారు కింది అంకె ఒక్కటే చూసి మడిచి జేబులో పెట్టుకునేవారు.

నేను బీకాం చదివాను. పెళ్లయి మూడేళ్లయినా ఆ బిల్లులు నా చేతికి రాలేదు. ఈ వేసవిలో వచ్చాయి. ఆయన కళ్లజోడు కాడ విరిగింది.

"అమ్మాయ్, ఇందులో కింద ఎంత వేశాడో చదువు" అన్నారు.

అది కలెక్టర్ కాయల లోడు బిల్లు. కింద ఇరవై ఐదు వేల తొమ్మిది వందల నలభై ఏడు అని ఉంది. చదివి ఇచ్చేయొచ్చు. నేను పై నుంచి మొదలుపెట్టాను. పిన్ను చేసి ఉన్న వేబ్రిడ్జి చీటీ కూడా విప్పాను. లోడుతో ట్రాక్టరు ఐదు వేల నాలుగు వందల ఎనభై కిలోలు, కాయ దించాక ఖాళీ ట్రాక్టరు మూడు వేల రెండు వందల ఎనభై. అంటే కాయ రెండు వేల రెండు వందలు. కానీ ధర కట్టిన బరువు వెయ్యిన్ని తొమ్మిది వందల డెబ్బై ఆరే.

"మావయ్యగారూ, మనవి రెండు వందల ఇరవై నాలుగు కిలోలు మాయమైపోయాయి!"

ఆయన కంగారు పడలేదు. "తరుగు తీస్తారు కదమ్మా. క్వింటాలుకి రెండు కిలోలు. దెబ్బ కాయ, ముచ్చిక విరిగిన కాయ ఉంటుందని. అందరికీ తీస్తారు. నీ పుస్తకాల్లో లేదా?"

నా పుస్తకాల్లో లేదు. సిగ్గుపడి మళ్లీ లెక్క వేశాను. తరుగు నలభై నాలుగు కిలోలే. మిగతా నూట ఎనభై కిలోలకు ఎదురుగా చిన్న అక్షరాలతో రాసి ఉంది: ట్రేలు తొంభై.

"కలెక్టర్ కాయ ట్రేల్లో వేశారా?"

"ట్రేల్లో ఎవరేస్తారు? జ్యూసు ఫ్యాక్టరీకి పోయే కాయ. ట్రాక్టరులో గడ్డి పరిచి పోశాం. నువ్వు పాపని ఎత్తుకుని చూస్తూనే ఉన్నావుగా."

అవును, చూశాను. నాలుగు రోజుల ముందు బంగినపల్లి కాయ మాత్రం ప్లాస్టిక్ ట్రేల్లో వెళ్లింది. సరిగ్గా తొంభై ట్రేలు. ట్రే బరువు రెండు కిలోల చొప్పున నూట ఎనభై తీసేయడం దానికి న్యాయం. కొట్టు గుమాస్తా మా పేరు మీద ముందున్న బిల్లు చూసి అదే వరస ఎక్కించేసి ఉంటాడు. గడ్డిలో వచ్చిన కాయకు ట్రేల బరువు పోయింది. కిలో పద్నాలుగు చొప్పున రెండు వేల ఐదు వందల ఇరవై రూపాయలు. దాని మీద కమీషన్ నూటికి నాలుగు పోనిచ్చినా మాకు రెండు వేల నాలుగు వందల ఇరవై రావాలి.

చెప్పాక మావయ్యగారు మంచం అంచున కూర్చుని కాడ విరిగిన కళ్లజోడును చేతిలో తిప్పుతూ ఉన్నారు.

"ఎల్లుండి రసాలు కోయిస్తున్నానమ్మా" అన్నారు చివరికి.

అర్థమైంది. రసాలు మెత్తని కాయ. పొద్దున్నే పాట అయిపోతే ధర. షావుకారు మనసులో ఏదైనా పెట్టుకుని మన లోడును వెనక్కి నెడితే, మధ్యాహ్నం ఎండకు కాయ చెమర్చి, అడిగినంతకు ఇచ్చుకోవాలి. రెండు వేల నాలుగు వందలు అడగబోయి అంతకు పదింతలు పోగొట్టుకోవచ్చు. ఆ కొట్టులో పదిహేనేళ్లలో ఆయన ఒక్కసారి కూడా బిల్లు మీద వేలు పెట్టి అడగలేదట.

"వదిలేద్దామా?" అన్నాను.

"వదిలేస్తే నీకు నిద్ర పడుతుందా?" అన్నారు. మళ్లీ ఆయనే, "నాకూ పట్టదులే. రేపు నువ్వు కూడా రా. నాకు కళ్లజోడు లేదుగా" అన్నారు.

సరేనన్నాను. కానీ ఆయనకు చెప్పని సంగతి ఒకటి ఉంది. పోల్చి చూడటానికి తీసిన బంగినపల్లి బిల్లులో ట్రేలు దించిన హమాలీ కూలి వేయలేదు. ట్రేకి ఎనిమిది రూపాయల చొప్పున తొంభై ట్రేలకు ఏడు వందల ఇరవై. ఆ వరస ఖాళీగా ఉంది. అది మాకు లాభం. వాళ్లు చూడకపోతే చూడలేదని ఊరుకుందామనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పాపని ఎత్తుకుని బస్సెక్కాం. మార్కెట్లో ఎటు చూసినా గడ్డి, కాయ, సొనవాసన. కొట్టు ముందు పాట జరుగుతోంది. షావుకారు మమ్మల్ని చూసి చెయ్యి ఊపారు. పాట అయ్యేదాకా ఓ ట్రే బోర్లించి దాని మీద కూర్చున్నాను. పాప నా మెళ్లో గొలుసు నోట్లో పెట్టుకుంటే ఎన్నిసార్లు తీశానో.

"ఏంటండీ, మనవరాలికి మార్కెట్ చూపిస్తున్నారా?" అంటూ షావుకారు లోపలికి వచ్చారు.

"లేదండీ, మా కోడలు కలెక్టర్ బిల్లు చూసింది. ట్రేల సంగతి ఏదో అడుగుతానంటోంది" అని మావయ్యగారు నన్ను ముందుకు తోసి తాను గోడ దగ్గరికి జరిగారు.

చీటీ, బిల్లు బల్ల మీద పక్కపక్కన పెట్టి చూపించాను. గుమాస్తా, యాభై ఏళ్ల మనిషి, తల కూడా ఎత్తలేదు.

"కాగితాలు చూసి లెక్కలు చెప్పేస్తే ఎలాగమ్మా? ట్రేలు వచ్చాయి కాబట్టే తీశాం. నా చేత్తో రాశాను."

"మరి ట్రేలకు వేబ్రిడ్జి తూకం ఎందుకండీ? ట్రేలైతే ఇక్కడ కొట్టు కాటా మీదేగా తూస్తారు?"

గుమాస్తా పెన్ను ఆగింది. షావుకారు చీటీ తీసుకుని చూశారు. బయట గోనెపట్టా మీద కూర్చున్న హమాలీని కేకేశారు.

"ఏరా, మొన్న వీళ్ల కలెక్టర్ ట్రాక్టరు నువ్వే దించావుగా. ట్రేలా, గడ్డా?"

"ట్రేలెక్కడివండీ బాబూ, గడ్డి! నా లుంగీ నిండా గుచ్చుకుంది. ఇంకా దురదగానే ఉంది."

అందరూ నవ్వారు. గుమాస్తా మాత్రం నవ్వకుండా కలెక్టర్ బిల్లులో ట్రేల వరస కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. "రోజుకి అరవై బిల్లులు రాస్తానండీ" అన్నాడు, ఎవరికీ కాకుండా. షావుకారు సొరుగు లాగి, "రెండు వేల నాలుగు వందల ఇరవై కదమ్మా? కమీషన్ కూడా నువ్వే తీసేశావా? గట్టిదానివే" అంటూ నోట్లు తీశారు.

అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. ఆయన కోపం తెచ్చుకుని ఉంటే ఊరుకునేదాన్నేమో. నవ్వుతూ నోట్లు లెక్కపెడుతుంటే నా వల్ల కాలేదు.

"ఇంకోటి ఉందండీ" అన్నాను.

మావయ్యగారు గోడ దగ్గర్నుంచి ఒక్క అడుగు ముందుకు వేశారు. బంగినపల్లి బిల్లు కూడా తీసి బల్ల మీద పెట్టాను. "ఇందులో దింపుడు కూలి వేయలేదు. ఏడు వందల ఇరవై."

గుమాస్తా ఆ బిల్లు లాక్కుని చూసి మొహం చిట్లించుకున్నాడు. బయటి హమాలీ లోపలికి తొంగి చూసి, "మా డబ్బులు మాకు ఆ రోజే ఇచ్చేశారమ్మా, షావుకారు జేబులోంచి" అన్నాడు.

"చూశారా?" అన్నారు షావుకారు మావయ్యగారితో. "మీ కోడలు నాకు ఏడొందల ఇరవై మిగిల్చింది. ఇన్నేళ్లలో మీరు ఒక్క రూపాయి మిగిల్చారా?"

"నాకు కళ్లజోడు లేదండీ" అన్నారు మావయ్యగారు.

ఏడు వందల ఇరవై తీసేసి, పదిహేడు వందలు నా చేతిలో పెట్టారు. తిరుగు బస్సులో మావయ్యగారు చాలాసేపు కిటికీలోంచి తోటలు చూస్తూ కూర్చున్నారు. తిడతారేమోనని నేను పాప టోపీ సర్దుతూనే ఉన్నాను.

"నిన్న రాత్రే తెలుసా నీకు, హమాలీ సంగతి?" అన్నారు.

"తెలుసండీ."

"నాకు చెప్పలేదే!"

"చెబితే మీరు షావుకారుకి చెప్పేయమంటారని."

ఆయన గట్టిగా నవ్వేసరికి ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

మర్నాడు రసాలు కోయించారు. ఆ మర్నాడు చీకటితోనే ట్రాక్టరు వెళ్లింది. నేను వెళ్లలేదు, పాపకు జలుబు. పాట ఎన్ని గంటలకు పెడతారో, లోడు ఎండలో ఉందేమో అని పనంతా తప్పుగా చేశాను. సాంబారులో ఉప్పు రెండుసార్లు వేశాను. తొమ్మిదిన్నరకు మావయ్యగారి ఫోన్. ఎత్తితే ఆయన గొంతు కాదు.

"అమ్మా, గుమాస్తాని. పాట అయిపోయింది, మీ లోడు రెండోదిగా పెట్టాం. బిల్లు రాస్తున్నాను. షావుకారు మీకు చదివి వినిపించాకే సంతకం పెట్టమన్నారు. పెన్ను తీసుకోండి."

ఒక్కో వరస నెమ్మదిగా చదివాడు. ట్రేల లెక్క, తరుగు, ధర, కమీషన్, కాటా కూలి, దింపుడు కూలి. నేను క్యాలెండరు వెనక రాసుకుని, ప్రతి వరసకూ "సరేనండీ" అన్నాను. కింది అంకె దగ్గర ఆగి ఒకసారి కూడి చూశాను. తర్వాత ఇంకోసారి.

"తప్పుందా అమ్మా?" అన్నాడు గుమాస్తా. గొంతులో కొంచెం భయం వినిపించింది.

"లేదండీ, అంతా సరిగ్గానే ఉంది" అన్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త నిరాశగా కూడా అనిపించింది.