గుంటలో కాళ్ళెవరివి

నా మొదటి ఉద్యోగం ఆదోనిలో, ఒక పత్తి వ్యాపారి కొట్టు మీది మేడగదిలో. కింద బేళ్ళు దించుతుంటే దూది నుసి మెట్లెక్కి వచ్చి మా టైపు మిషను మీద వాలేది. చేనేత ఇళ్ళ స్థితిగతుల మీద ఎక్కడి నుంచో వచ్చిన పెద్దలు ఒక సర్వే పెట్టించారు. వాళ్ళు జీపులో టేపు రికార్డరు వేసుకుని ఎమ్మిగనూరు వీధులు తిరిగి, మగ్గాల దగ్గర జనం మాట్లాడుకునేది పట్టుకుపోయేవారు. ఆ మాటలు మద్రాసులో కాగితం మీదికి ఎక్కి మాకు వచ్చేవి. ఒక్కో ఇంటి సంభాషణకూ ఒక పేజీ సారాంశం రాసివ్వడం నా పని.

అందులో పేర్లుండవు. ఎవరి గుట్టూ బయటపడకూడదని పేర్లూ, వరసలూ తీసేసి, ఒకటవ వక్త, రెండవ వక్త అని మాత్రం వేసేవారు. సర్వేవాళ్ళు అడిగింది 'ప్రశ్న' అని ఉండేది. పైన ఇంటి నంబరు. అంతే. టేపు ఖరీదైన సరుకు కాబట్టి, కాగితం తయారవగానే దాని మీదే ఇంకో ఊరి మాటలు ఎక్కించేవారు. కనుక ఏ గొంతు ఎవరిదో మళ్ళీ విని తేల్చుకుందామంటే కుదరదు.

నాకు అప్పట్లో తొందర ఎక్కువ. ఇప్పుడు తగ్గిందని ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి. నాలుగు వాక్యాలు చదవగానే వీడు మొగుడు, ఇది పెళ్ళాం, వీడు యజమాని, వాడు కూలి అని గీత గీసేసి టకటకా కొట్టేసేదాన్ని. మా పెద్ద గుమాస్తా మాత్రం అలా కాదు. ఆయన పూర్వం కోర్టులో వాంగ్మూలాలకు నకళ్ళు రాసిన మనిషి. ముక్కుపొడి పీల్చి, చేతులు తుడుచుకుని, అప్పుడు గానీ కాగితం ముట్టేవారు కాదు. ఆ నిదానం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఒక రోజు ఎమ్మిగనూరులోని ఒక చిన్న నేత సంఘం అధ్యక్షుడి దగ్గర నుంచి కబురొచ్చింది. వాళ్ళ సంఘం మగ్గం ఉన్న ఒక ఇంట్లో పెద్దాయన పోయాడు. మిగిలింది విధవరాలైన కోడలు. మగ్గం తనకే ఉంచమని, ఇన్నాళ్ళూ నేసింది తానేనని ఆమె అంటోంది. బట్ట అప్పగించేది ముసలాయనే, సంఘంలో పేరూ ఆయనదే. ఆడమనిషి కండెలు చుడుతుంది గానీ మగ్గం ఎక్కదని కమిటీవాళ్ళ పట్టు. 'అట్లయితే మీ మామ మాకు అబద్ధం సెప్పినాడా?' అని ఎవరో గద్దించేసరికి ఆమె తల దించుకుని మళ్ళీ నోరు విప్పలేదట. ఆ ఇంట్లో మీవాళ్ళు మిషను పెట్టారు కదా, అందులో ఏముందో రాసి పంపండి, ఆమె కూడా సరే అంది అని అధ్యక్షుడి మాట. మగ్గం పోతే ఆమెకు పొలం కూలి తప్ప వేరే దారి లేదు.

నేను ఆ ఇంటి కాగితం తీసి గబగబా చదివాను. ఒకటవ వక్తకు తెలియని విషయం లేదు. పడుగు ఎట్లుండాలో, అంచు ఎట్లుండాలో అన్నీ ఆయనే చెబుతున్నాడు. పైగా ఒకచోట, 'ఈ మగ్గం మీద నేసేది ఎవరు?' అన్న ప్రశ్నకు, 'నేనే. మీసాలు రానప్పటి నుంచి నేస్తాండాను' అని స్పష్టంగా ఉంది. ఇంకేం కావాలి? 'ఒకటవ వక్త అనుభవజ్ఞుడైన నేతగాడు. రెండవ వక్త ఆయనకు సాయం చేసే కోడలు' అని కొట్టి ఇచ్చాను. పాపం ఆ ఇల్లాలి పని అయిపోయిందని మనసు చివుక్కుమంది కూడా.

పెద్ద గుమాస్తా నా పేజీ పక్కన పెట్టి అసలు కాగితం తీసుకున్నారు. ఎడమ అరచేత్తో ఒకటవ, రెండవ అన్న మాటలు కనబడకుండా మూసేసి, ఉత్త మాటలే చదవడం మొదలుపెట్టారు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఒకటే అడిగేవారు.

"ఈ మాట అనాలంటే మనిషి యాడ కూసోనుండాలమ్మా?"

'సప్పుడు మారింది. ఎడం పక్క పోగు తెగినట్లుండాది, నిలుపు.'

"మగ్గం దగ్గరే" అన్నాను విసుగ్గా.

"దగ్గరంటే? గుంటలోనా, బయటా?"

గుంట మగ్గం మీద నేసేవాళ్ళు నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని, కింది చెక్కలు తొక్కుతూ, పోగు మోసే నాడెను అటూ ఇటూ విసురుతారు. నేసేది తానే అయితే 'నిలుపు' అని ఎవరితో అంటాడు? ఆయన తరువాతి వాక్యం చదివారు. 'ఔను, తెగింది. అతుకుతాండాను.' ఆ తరువాత, 'ఇంగ ఎంత ఉండాది?' 'జానెడు.' ఆ తరువాత, 'ఏదీ, సూస్తా.' 'సెయ్యి ఇట్లియ్యి. ఈడ, ఇదీ అంచు.' 'బిగిసింది. నాడె అంత గట్టిగా ఇసరొద్దు, గుడ్డ లోపలికి గుంజుకుంటాది.'

"ఇప్పుడు సెప్పు. గుంటలో కాళ్ళెవరివి?"

అరచెయ్యి తీశారు. నిలుపు అన్నది ఒకటవ వక్త. అతుకుతున్నది రెండవ వక్త. అవే అక్షరాలు, అదే కాగితం. నేను చదివినప్పుడు ఎవరూ లేరు. ఆయన చదువుతుంటే గదిలో ఒక మగ్గం ఆడుతోంది, దాని పక్కన ఒక ముసలాయన చెవి ఒగ్గి కూర్చున్నాడు. అంత అబ్బురం నాకు ఆ తరువాత గుళ్ళో కూడా కలగలేదని చెబితే మా అమ్మ తిట్టేది.

"అయితే ఆయనకు కళ్ళు లేవు! నేసింది కోడలే! రాసేద్దాం" అని ఎగిరి గంతేసినంత పని చేశాను.

"కళ్ళు లేవని కాగితం సెప్పిందా?"

"చెయ్యి ఇమ్మంది కదండీ!"

"తడిమి సూసినాడు. అంతవరకే రాయి. సీకటి పడిండొచ్చు, కళ్ళు సరిగా ఆనకపోవచ్చు. కోడలని యాడుంది? ఆడమనిషని యాడుంది?"

"మనకు తెలుసు కదా!"

"మనకు తెలిసింది ఏరే, కాగితానికి తెలిసింది ఏరే. రెండూ కలిపితే రేపు ఎవరన్నా ఒకటి పీకితే రెండోదీ ఊడొస్తాది."

ఇంకోచోట 'కాళ్ళు పట్టేసినాయి' అన్న మాట ఒకటవ వక్త పేరు మీద ఉంది. తొక్కేది ఆయనేనేమో! పెద్ద గుమాస్తా చాలాసేపు ఆలోచించారు. వయసు వల్ల అనుండవచ్చు, మద్రాసులో రాసినవాళ్ళు ఒకరి మాట ఇంకొకరికి వేసి ఉండవచ్చు. ఏదో తేలదు. తేలని దాన్ని దాచకూడదు, దాని మీద ఆధారపడకూడదు అన్నారు. చివరికి ఇద్దరం కలిసి రాసింది ఇలా ఉంది: మగ్గం మీద నేసేది తానేనని ఒకటవ వక్త చెప్పారు. అయితే సంభాషణ జరిగిన సమయంలో మగ్గం మీద ఉన్నది రెండవ వక్త అని, ఒకటవ వక్త పక్కనుండి చెవితోనూ చేతితోనూ గమనిస్తూ పని చెబుతున్నారని మాటలను బట్టి తోస్తున్నది. కాళ్ళ గురించిన ఒక మాట దీనికి పొసగడం లేదు. వక్తలెవరో, వారి బంధుత్వమేమిటో ఇందులో లేదు. అది తెలిసినవారు నిర్ధారించుకోవాలి.

కాగితం పంపితే సరిపోయేది. కానీ పెద్ద గుమాస్తా అసలు ప్రతి కూడా చేతికిచ్చి నన్నే బస్సెక్కించారు. సంఘం గదిలో కమిటీవాళ్ళు చాప మీద కూర్చున్నారు. ఆమె గడప దగ్గర నిలబడింది. నాకన్నా పెద్ద వయసేమీ కాదు. నేను సారాంశం చదివాను.

కమిటీలో ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "బట్ట అప్పజెప్పేటప్పుడు ఆయన బొటనవేలితో అంచంతా తడిమేవాడప్పా. మన ఎదురుగా నేతగాని దర్పం సూపిస్తాండాడని నేననుకుంటి. కళ్ళు కనపడక తడిమినాడా?"

అధ్యక్షుడు ఆమె వైపు తిరిగాడు. "రెండో మనిషి నువ్వేనామ్మా?"

"నేనేనప్పా."

"మరి మీ మామ నేనే నేస్తాండానని సెప్పినాడే?"

ఆమె ఈసారి తల దించలేదు. "ఆయన సూపు పోయినాక నన్ను గుంటలో కూసోబెట్టి నేర్పిచ్చినాడు. సప్పుడు ఇని యాడ పోగు తెగిందో సెప్పేటోడు. సేతులు నావి, నేత ఆయనది. నేనే అంటే అబద్ధమెట్లయితాదప్పా?"

మగ్గం ఆమెకే ఉంచుతూ అక్కడికక్కడే తీర్మానం రాసుకున్నారు. ఆమె పేరు సంఘంలో ఎక్కించారు. కాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. నేను లేవబోతుంటే ఆమె దగ్గరకు వచ్చింది.

"అక్కా, ఆ మిషన్లో మా మామ గొంతు ఉంటాదా?"

లేదన్నాను. టేపు మీద వేరేవాళ్ళ మాటలు ఎక్కించేశారని కూడా చెప్పాను.

"అయితే ఒకటో మనిషి మాట్లాడింది సదువు. అంతా సదువు, ఏదీ ఇడువొద్దు."

గడప మీద కూర్చుని అసలు ప్రతి విప్పి చదివాను. పడుగు, పోగు, అంచు, అన్నీ. ఆఖర్లో ఒక మాట ఉంది. నేతకు సంబంధం లేదని మేమిద్దరం సారాంశంలో వదిలేసిన మాట. 'ఒకటవ వక్త: ఇంగ సాల్లే. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నువ్వు. లేసి పోయి బువ్వ తిను, మగ్గం యాడికీ పోదు.'

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను కాగితం చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఒకటవ వక్త ఎవరో, రెండవ వక్తకు ఆయన ఏమవుతాడో ఆ ఒక్క మాటలో ఉంది. మేము అంత జాగ్రత్తగా చదివి కూడా దాన్ని పక్కన పెట్టేశాం.