నాలుగు మూలలా పసుపు రాసిన వైవా నోటీసు

మా కంపెనీలో సెలవు అడగడం సులువు. ఫోనులో యాప్ తెరిచి, తేదీ నొక్కి, కారణం అన్న గడిలో ‘ఫ్యామిలీ ఫంక్షన్’ అని కొడితే చాలు. జ్వరమైతే డాక్టరు చీటీ అడుగుతారు, ఫంక్షన్‌కు ఎవరూ ఏమీ అడగరు. అందుకని తమిళ దేశంలో తుడియలూరులోని మా పంపుల కంపెనీలో జ్వరాలు తక్కువ, ఫంక్షన్లు ఎక్కువ.

నేను అక్కడ టెస్టింగ్ విభాగంలో ఇంజనీరును. నలభై దాటాక, బుద్ధి స్థిరపడాల్సిన వయసులో, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. విషయం, బోరుబావి పంపుల్లో తిరిగే ఇంపెల్లర్ రెక్కల వంపు. చేరేటప్పుడు కంపెనీ అభ్యంతరం లేదని ఉత్తరం ఇచ్చింది. కాకపోతే అందులో ‘కంపెనీ పనికి ఆటంకం కలగని పక్షంలో’ అని ఒక ముక్క ఉంది. ఆ ముక్కకు భయపడి యూనివర్సిటీకి వెళ్లాల్సిన ప్రతిసారీ నేను ఫ్యామిలీ ఫంక్షన్ అనే రాశాను. ఏటా రెండుసార్లు డాక్టొరల్ కమిటీ ముందు కూర్చోవాలి. కోర్సు పరీక్షలు, సినాప్సిస్ ప్రెజెంటేషన్ దీనికి అదనం. ఏడేళ్లలో మా ఇంట్లో జరిగినన్ని శుభకార్యాలు జమీందార్ల ఇళ్లలో కూడా జరిగి ఉండవు.

చివరికి థీసిస్ చూసిన పరీక్షకుల రిపోర్టులు రెండూ అనుకూలంగా వచ్చాయి. వైవా తేదీ ఖాయమైంది, బుధవారం ఉదయం పదకొండు గంటలకు. పక్క రాష్ట్రం నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆ వారం దాటితే ఆయన విదేశం వెళ్లి ఆరు నెలలకు గాని తిరిగి రారని మా గైడు గారు చెప్పారు. ఈసారి మాత్రం కారణం గడిలో ఉన్నదున్నట్టు రాశాను: ‘పీహెచ్‌డీ వైవా’. ఏడేళ్లలో నేను రాసిన మొదటి నిజం అదే. దాన్నే ఆపేశారు.

ఆపింది మా మేనేజరు. మూడేళ్ల కిందట వేరే యూనిట్ నుంచి మా విభాగానికి వచ్చారు. ఉడుమలైపేట వైపు మనిషి, తరతరాలుగా ఇక్కడే ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడే మావాళ్లే, వరసకు మామ అవుతారు. శుక్రవారం ఆయన గదిలోకి వెళ్లాను.

“బుధవారం గవర్నమెంటు ఆర్డరు ఇన్‌స్పెక్షన్ ఉండాది. ఇన్‌స్పెక్టర్ ముందర పంపు ఓడించి చూపించేదెవరు? నువ్వా, నేనా?” అన్నారు కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా. ఓడించడమంటే మా దగ్గర నడపడమే, ఎవరూ గెలవరు.

“ఒక్క రోజు జరపమని అడిగితే జరుపుతారు కదా సార్.”

“సార్ ఏంటికిరా? మామా అను. కాదు, అనద్దు. మామ అయ్యుంటే పిలిచి ఉందువే.”

“ఎక్కడికి?”

ఆయన స్క్రీను నా వైపు తిప్పారు. మూడేళ్ల నా సెలవుల జాబితా అది. “ఇదో చూడు. ఫంక్షన్, ఫంక్షన్, ఫంక్షన్. పోయిన తడవ అడిగితే కాదుకుత్తు అంటివి. అంతకు ముందరా కాదుకుత్తే. ఉండేది ఒక్క కూతురు, దానికి ఎన్ని చెవులురా?”

కాదుకుత్తంటే చెవులు కుట్టే వేడుక, మామూలుగా మనిషికి ఒక్కసారే.

“ఒక్క విశేషానికైనా పిలిస్తివా? మీ అత్త అడుగుతానే ఉంటాది, వాళ్లకు మనమంటే ఏం కోపం అని. నేనేం చెప్పేది? ఇప్పుడు వైవా అంటాండావు. ఇది ఎవరి చెవికి?”

అప్పుడు అర్థమైంది. ఆయన నన్ను అబద్ధాలకోరుగా అనుమానించలేదు. ఆ ఫంక్షన్లన్నీ నమ్మారు. నమ్మి, మూడేళ్లుగా పిలుపు రాని బంధువుగా నొచ్చుకుంటూ వచ్చారు. మావాళ్లలో అబద్ధం చెప్పినవాణ్ణి క్షమిస్తారు, పత్రిక ఇవ్వనివాణ్ణి మాత్రం మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. ఆ నిమిషంలో నిజమంతా చెప్పేసి ఉండాల్సింది. “సరి మామా” అని బయటికి వచ్చేశాను. చదువు ధైర్యాన్ని పెంచుతుందనే మాటకు నేను మంచి ఉదాహరణ కాను.

ఇంట్లో చెప్పాను. నా భార్య పూర్తిగా విని, “వాళ్లింటికి పోయి పిలవాల్సిందే” అంది.

“వైవాకా?”

“ఎవురైనా రావచ్చని నువ్వేగా చెప్పింది?”

చెప్పిన మాట నిజమే. వైవా బహిరంగంగా జరుగుతుంది. ఆసక్తి ఉన్నవారందరూ రావచ్చని నోటీసులో అచ్చువేసి మరీ అన్ని డిపార్ట్‌మెంట్లకూ పంపుతారు. ఆసక్తి ఉన్నవారు సాధారణంగా రారు, అది వేరే సంగతి. ఆమె ఆ నోటీసు ఒక కాపీ తీసుకుని నాలుగు మూలలా పసుపు రాసింది. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు, కుంకుమ పెట్టి, వాటి మీద ‘ఇంపెల్లర్ రెక్క కోణం, పంపు సామర్థ్యం’ అన్న శీర్షికను ఉంచింది. ఆదివారం ఉదయం ఇద్దరం వెళ్లాం.

అత్త తలుపు తీసి పళ్లెం చూడగానే మొహం విప్పారింది. “దా అమ్మా, దా. ఎవురికి పెండ్లి?”

“ఈయనకే అత్తా,” అంది నా భార్య. “పరీక్ష.”

మామ కళ్లజోడు పెట్టుకుని నోటీసు మొదటి అక్షరం నుంచి చదివారు. పెళ్లిపత్రికలో అబ్బాయి తరఫు తాతల పేర్లు వెతికినట్టు గైడు పేరు, ఎగ్జామినర్ పేరు, గది నంబరు చూశారు. నేను నిలబడే అంతా చెప్పేశాను. ఏ ఫంక్షనూ లేదని, ఒక్క చెవి కూడా కుట్టలేదని, అన్ని రోజులూ యూనివర్సిటీలోనే ఉన్నానని.

ఆయన కళ్లజోడు తీసి నోటీసు మీద పెట్టారు. “అంటే నీ ఇంట్లో ఏమీ జరగలే,” అన్నారు.

“లేదు మామా.”

“మమ్మల్ని విడిచిపెట్టి ఏమీ చేయలే.”

“లేదు.”

“పిచ్చోడా,” అన్నారు. చాలా సంతోషంగా అన్నారు. వెంటనే అత్త మీద కేక వేశారు. “విన్నావా? ఏడేండ్లు చదివినాడంట. మన పంపు మీద!” మళ్లీ నా వైపు తిరిగి, “లెక్కలన్నీ మన టెస్ట్ బెడ్ మీద పంపు ఓడించి తీసినవేనా?”

“కంపెనీ అనుమతితోనే మామా, మీరు రాకముందే, షిఫ్టు అయ్యాక.”

“అట్లైతే సెలవు ఏంటికి? ఆన్ డ్యూటీ వేస్తాను.” అక్కడే ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేసి, తమిళంలో రెండు నిమిషాలు మాట్లాడి, ఇన్‌స్పెక్షన్ గురువారానికి మార్చారు. శుక్రవారం కొండంత కనిపించిన అడ్డంకి ఆదివారానికి రెండు నిమిషాల పనిగా తేలింది.

బుధవారం మామ, అత్త ముందు వరుసలో కూర్చున్నారు. అత్త పట్టుచీర కట్టుకుని వచ్చింది. హాజరు కాగితంలో సంతకం చేయమంటే మామ కంపెనీ పేరు రాసి కింద గీత గీశారు. నేను నలభై నిమిషాలు చెప్పాను, రిపోర్టుల్లోని ప్రశ్నలకు జవాబులిచ్చాను. ఎగ్జామినర్ సంతృప్తి పడ్డట్టే కనిపించారు. తరువాత, సభలో ఎవరైనా అడగవచ్చు అన్నారు. మర్యాదకు అనే మాట అది. మామ లేచారు.

“బోరులో ఇసుక వచ్చిందనుకోండి. ఈ కొత్త రెక్క ఎన్నాళ్లు తాళుతుంది?” అని ఇంగ్లీషులో అడిగారు.

మా గైడు గారు కళ్లు మూసుకున్నారు. ఎగ్జామినర్ మాత్రం కుర్చీలో ముందుకు జరిగి, “మంచి ప్రశ్న. చెప్పండి,” అన్నారు.

“నేను మంచినీళ్లతోనే పరీక్షించాను,” అన్నాను. “ఇసుక నీళ్లతో చేయలేదు. పాత రెక్క కంటే అంచు పలచన, కాబట్టి త్వరగా అరుగుతుందనే నా అనుమానం. థీసిస్ చివర పరిమితుల్లో రాశాను.”

ఎగ్జామినర్ ఆ పేజీ తిప్పి చూసి తల ఊపారు.

అందరినీ బయటికి పంపి వైవా బోర్డు తలుపు వేసుకుంది. వరండాలో మామ అటూ ఇటూ నడుస్తూ, “అడగకూడనిది అడిగితినా?” అని మూడుసార్లు నన్నే అడిగారు. లోపలికి పిలిచి, డిగ్రీకి సిఫారసు చేస్తున్నామని చదువుతుండగా, వాక్యం పూర్తికాకముందే ఆయన చప్పట్లు మొదలుపెట్టారు. ఎగ్జామినర్ ఆగి, చప్పట్లు అయ్యాక, మళ్లీ మొదటి నుంచి చదివారు. అలా నేను రెండుసార్లు పాసయ్యాను.

మెట్లు దిగుతూ మామ నా భుజం మీద చెయ్యి వేశారు. ఆఫీసులో ఆ చెయ్యి ఎవరి మీదా పడగా చూడలేదు.

“ఇసుక సంగతి ఎప్పుడు చూస్తావు?”

“మీరు టెస్ట్ బెడ్ ఇస్తే ఎప్పుడైనా మామా.”

“నాలుగో నంబరు బెడ్ ఎత్తుకో,” అన్నారు. “నేనూ వస్తాను. సాయంత్రాలు నాకేం పని?”